జలుబుకి ఎల్డర్‌బెర్రీ, ఎకినేసియా: ఎంతవరకు నమ్మొచ్చు, ఎవరు జాగ్రత్తపడాలి

అమెరికాలో అక్టోబర్ వచ్చేసరికి మందుల షాపుల్లో జలుబు సరుకు ముందు వరసలోకి వచ్చేస్తుంది. కొన్ని సీసాల మీద ముదురు ఊదారంగు పండ్ల గుత్తి బొమ్మ ఉంటుంది. అది ఎల్డర్‌బెర్రీ. ఇంకొన్నిటి మీద రేకలు కిందికి వాలిన గులాబీ రంగు పువ్వు ఉంటుంది. అది ఎకినేసియా. డేకేర్‌కి వెళ్ళే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఈ సిరప్పులూ గమ్మీలూ మామూలైపోయాయి. సెలవులకి ఊరొచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో అమ్మానాన్నల కోసం కూడా వస్తున్నాయి. ఇప్పుడైతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

కొనేవాళ్ళలో ఎక్కువమంది అనుకునేది ఒకటే: "మూలికే కదా, పనిచేస్తే మంచిదే, చేయకపోతే నష్టం లేదు." ఈ మాటలో రెండు భాగాలున్నాయి. పనిచేస్తుందా అన్నదానికి పరిశోధనలు ఇచ్చిన జవాబు "కొన్ని తయారీలకి, కొంచెం, బహుశా" అన్న స్థాయిలోనే ఉంది. నష్టం లేదన్న రెండో భాగం మాత్రం అందరికీ వర్తించదు. కీళ్ళవాతానికి మందులు వాడే అమ్మ, ఆస్తమా ఉన్న పిల్లవాడు, కిడ్నీ మార్పిడి చేయించుకున్న బాబాయి లాంటివాళ్ళ విషయంలో అది తప్పు. ఆ తేడా తెలియాలంటే ముందు పరిశోధనల్లో ఏం జరిగిందో చూడాలి.

జలుబు మందుని పరీక్షించడం ఎందుకు కష్టం

జలుబుకి మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది అని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. మందుల పరీక్షలో అసలు చిక్కు అదే. మూడో రోజు, అంటే ముక్కు బాగా కారుతూ ఒళ్ళంతా బరువుగా ఉన్న రోజున సిరప్ మొదలుపెడితే, నాలుగో రోజునుంచి తేలికపడటం ఖాయం. సిరప్ లేకపోయినా అదే జరిగేది. కాబట్టి "నాకు పనిచేసింది" అన్న అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా, దాన్నిబట్టి మందు గుణం తేలదు. కొందరికి అసలు మందు, మరికొందరికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్తుత్తి మందు ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియకూడదు, లెక్క రాసేవాళ్ళకీ తెలియకూడదు. ఆ ఉత్తుత్తి మందునే ప్లాసిబో అంటారు.

నమ్మకం ఎంత పని చేస్తుందో చూపించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో బ్రూస్ బారెట్ అనే డాక్టర్, ఆయన బృందం జలుబు మొదలైన 719 మందిని నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి ఏ మాత్రా ఇవ్వలేదు. రెండో గుంపుకి ప్లాసిబో, మూడో గుంపుకి ఎకినేసియా ఇచ్చారు. తమకు వచ్చింది ఏదో ఈ రెండు గుంపులకీ తెలియదు. నాలుగో గుంపుకి ఎకినేసియా అని చెప్పే ఇచ్చారు. 2010లో ఫలితాలు వచ్చాయి. తెలియకుండా ఎకినేసియా వేసుకున్నవాళ్ళకి జలుబు, ప్లాసిబో వేసుకున్నవాళ్ళకంటే సుమారు అర రోజు ముందు తగ్గింది. వారం రోజుల జలుబులో అర రోజు తేడా. అది కూడా కాకతాళీయంగా వచ్చి ఉండొచ్చు అనేంత బలహీనమైన తేడా.

ఆ తర్వాత అదే సమాచారాన్ని వాళ్ళు ఇంకో కోణంలో చూశారు. ఎకినేసియా మీద ముందునుంచీ గట్టి నమ్మకం ఉన్నవాళ్ళని విడిగా తీసి లెక్కేస్తే, వాళ్ళలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి, ఏ మాత్రా వేసుకోనివాళ్ళకంటే జలుబు రెండున్నర రోజులు ముందే తగ్గింది. మూలిక చూపించిన తేడా కంటే నమ్మకం చూపించిన తేడా అయిదింతలు. గుంపు చిన్నది కాబట్టి ఆ అంకెని మరీ పట్టుకోకూడదు. కానీ పక్కింటివాళ్ళ అనుభవాలు అంత బలంగా ఎందుకుంటాయో దీనివల్ల అర్థమవుతుంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే వాళ్ళకి తేలికపడింది.

ఎల్డర్‌బెర్రీ: మొదట ఆశ, తర్వాత క్లీవ్‌లాండ్

ఎల్డర్‌బెర్రీ యూరప్‌లో పెరిగే సాంబుకస్ నైగ్రా అనే చెట్టు పండు. మన నేరేడు పండులాగే దీనికీ ముదురు రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే పదార్థాలు. ల్యాబ్‌లో గాజు పాత్రలో చూస్తే ఈ పండు రసం ఫ్లూ వైరస్‌ని కణాల్లోకి చొరబడకుండా కొంత అడ్డుకుంటుంది. ప్రచారంలో మొదట వినపడే మాట ఇదే. కానీ గాజు పాత్రలో రసం నేరుగా వైరస్ మీద పడుతుంది. మనం తాగిన సిరప్ కడుపులో అరిగి, లివర్‌ని దాటి, రక్తంలో కలిసి ముక్కు లోపలి పొరకి చేరేసరికి ఎంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న. అది తేల్చాల్సింది మనుషుల మీదే.

మనుషుల మీద వచ్చిన తొలి ఫలితాలు చాలా బాగున్నాయి. 2004లో ప్రచురించిన నార్వే పరిశోధనలో ఫ్లూ లక్షణాలున్న 60 మందికి రోజుకి నాలుగుసార్లు 15 మిల్లీలీటర్ల చొప్పున అయిదు రోజులు సిరప్ ఇస్తే, ప్లాసిబో వాళ్ళకంటే సగటున నాలుగు రోజులు ముందు కోలుకున్నారు. ఈనాటికీ చాలా ప్రకటనల వెనక ఉన్నది ఈ "నాలుగు రోజులే". అయితే 60 మంది అంటే గుంపుకి ముప్పై మందే. అంత చిన్న గుంపుల్లో కొందరికి కాస్త తేలికపాటి ఫ్లూ వచ్చినా లెక్క తిరగబడుతుంది.

2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇంకో మంచి ఆలోచన చేశారు. అక్కడినుంచి దూరదేశాలకి ఎకానమీ క్లాసులో వెళ్ళే 312 మంది ప్రయాణికులకి, బయల్దేరడానికి ముందునుంచి చేరిన కొద్దిరోజుల వరకు ఎల్డర్‌బెర్రీ క్యాప్సూల్స్ గానీ ప్లాసిబో గానీ ఇచ్చారు. ప్లాసిబో గుంపులో 17 మందికి, ఎల్డర్‌బెర్రీ గుంపులో 12 మందికి జలుబు చేసింది. ఈ తేడాని లెక్కలోకి తీసుకోలేం, కాకతాళీయంగా కూడా అంత తేడా వస్తుంది. అంటే జలుబు రాకుండా ఆపిందని చెప్పలేం. వచ్చినవాళ్ళు ఎన్ని రోజులు బాధపడ్డారో కూడితే మాత్రం తేడా కనపడింది. ప్లాసిబో వాళ్ళవి మొత్తం 117 రోజులు, ఎల్డర్‌బెర్రీ వాళ్ళవి 57. మనిషికి చూస్తే దాదాపు ఏడు రోజులకి బదులు అయిదు రోజుల లోపు. బాగానే ఉంది. కానీ 312 మంది పరిశోధన అని చదివినప్పుడు, ఈ రెండు రోజుల మాట ఆధారపడింది జలుబు చేసిన 29 మంది మీదే అని గుర్తుంచుకోవాలి.

ఇక 2020లో అమెరికానుంచి వచ్చిన క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధన. నా దృష్టిలో ఎల్డర్‌బెర్రీ గురించి అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. ఎందుకంటే ఇందులో "ఫ్లూలా ఉంది" అన్నవాళ్ళని తీసుకోలేదు, పీసీఆర్ టెస్టులో ఫ్లూ అని తేలినవాళ్ళనే తీసుకున్నారు. అయిదేళ్ళ పిల్లలనుంచి పెద్దవాళ్ళ దాకా 87 మంది లెక్క చివరికి తేలింది. ఎల్డర్‌బెర్రీ తాగినవాళ్ళు కోలుకోవడానికి సగటున 5.3 రోజులు పట్టింది, ప్లాసిబో వాళ్ళకి 4.9 రోజులు. లాభం లేదు. ఇష్టమున్నవాళ్ళని డాక్టరు రాసే ఫ్లూ మందు ఓసెల్టామివిర్ కూడా వాడుకోనిచ్చారు. ఆ మందు వాడకుండా ఉన్నవాళ్ళని మాత్రమే విడిగా చూస్తే, ఎల్డర్‌బెర్రీ తాగినవాళ్ళే రెండు రోజులు ఆలస్యంగా కోలుకున్నట్టు కనపడింది.

ఈ చివరి మాట విని ఎల్డర్‌బెర్రీ ఫ్లూని ముదరబెడుతుందని అనుకోకూడదు. అది తర్వాత విడదీసి వేసిన లెక్క, అందులో మనుషులు ఇంకా తక్కువ. నార్వే ఫలితాన్ని చిన్నదని పక్కనపెట్టి, దీన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంటే అది న్యాయం కాదు. నేను దీన్నుంచి తీసుకునేది ఇంతే: ఫ్లూ అని తేలిన మనిషికి ఎల్డర్‌బెర్రీ సిరప్పే మందు అనుకుని కూర్చోవడానికి ఆధారం లేదు. మామూలు జలుబులో ఒకటి రెండు రోజులు తగ్గించవచ్చేమో అన్నది తెరిచి ఉన్న ప్రశ్న.

ఎకినేసియా: పేరు ఒకటే, సరుకు వేరు

ఎకినేసియా కథ ఇంకాస్త చిక్కుది. ఇది ఉత్తర అమెరికా గడ్డి మైదానాల మొక్క. అక్కడి ఆదివాసీలు గాయాలకీ, పాముకాటుకీ, గొంతు నొప్పికీ వేరు నమిలేవాళ్ళు, నూరి పూసేవాళ్ళు. 1880ల్లో నెబ్రాస్కాలో మేయర్ అనే మందుల వ్యాపారి దాన్ని రక్తశుద్ధి మందుగా అమ్మాడు. 1930ల్లో గెర్హార్డ్ మాడౌస్ అనే జర్మన్ దాన్ని తన దేశంలో పండించాలని విత్తనాలు తెప్పించుకున్నాడు. కావాలనుకున్నది ఎకినేసియా అంగుస్టిఫోలియా, మొలిచింది ఎకినేసియా పర్పురియా. ఆయన దానితోనే మందు తయారుచేశాడు. యూరప్‌లో పర్పురియా అంతగా నిలబడటానికి ఆ విత్తనాలే మొదలు.

ఇవాళ ఒకే పేరుతో మూడు జాతులు అమ్ముతారు: పర్పురియా, అంగుస్టిఫోలియా, పాలిడా. ఒకరు వేరు వాడతారు, ఒకరు పూతా ఆకూ కాండం వాడతారు, ఒకరు అన్నీ కలుపుతారు. ఒకరు పచ్చి మొక్కని పిండి రసం తీస్తారు, ఒకరు ఆల్కహాల్‌లో నానబెడతారు, ఇంకొకరు ఎండబెట్టి పొడి చేసి క్యాప్సూల్‌లో నింపుతారు. వీటిలో ఉండే పదార్థాలు ఒకటి కావు. వేరులో ఎక్కువుండే ఆల్కమైడ్లు నాలుకని కాస్త తిమ్మిరెక్కిస్తాయి. పిండిన రసంలో నీటిలో కరిగే చక్కెర జాతి పదార్థాలు ఎక్కువ. కాబట్టి "ఎకినేసియా పనిచేస్తుందా?" అని అడగడం "పచ్చడి కారంగా ఉంటుందా?" అని అడగడం లాంటిది. ఏ పచ్చడో చెప్పకుండా జవాబు రాదు.

ఈ మాట పట్టుకుని చూస్తే పరిశోధనలు ఎందుకు కొట్టుకున్నాయో తెలుస్తుంది. 2005లో రోనాల్డ్ టర్నర్ అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్‌ని వాళ్ళే వేసి, అంగుస్టిఫోలియా వేరునుంచి తీసిన మూడు రకాల సారాల్ని పరీక్షించింది. ఒక్కటీ పనిచేయలేదు. మోతాదు తక్కువైందని మూలిక పక్షంవాళ్ళు అభ్యంతరం చెప్పారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. పైన చెప్పిన విస్కాన్సిన్ పరిశోధనలో మొదటి రోజు 10 గ్రాముల ఎండు వేరుకి సమానమైన మోతాదు, తర్వాత నాలుగు రోజులు దాంట్లో సగం ఇచ్చారు. అయినా వచ్చింది ఆ అర రోజే.

రాకుండా ఆపడంలో కొంచెం ఆశ ఉంది. 2012లో ప్రచురించిన, బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధనలో 755 మంది నాలుగు నెలలపాటు పచ్చి పర్పురియాని ఆల్కహాల్‌తో తీసిన చుక్కల మందు గానీ ప్లాసిబో గానీ వాడారు. ప్లాసిబో గుంపులో 188 జలుబులు, మందు గుంపులో 149. గుంపుకి దాదాపు మూడు వందల యాభై మంది అనుకుని లెక్కేస్తే, సుమారు తొమ్మిది మంది నాలుగు నెలలపాటు రోజుకి మూడుసార్లు ఆ చుక్కలు వేసుకుంటే ఆ తొమ్మిది మందిలో ఒక్క జలుబు తప్పుతుంది. ఆ శ్రమకీ ఆ ఖర్చుకీ తగినదేనా అన్నది ఎవరి ఇంటి లెక్క వాళ్ళది. దీనికి డబ్బు పెట్టింది ఆ మందు తయారీదారే అన్నది కూడా తెలిసి ఉండాలి.

కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2014లో 24 ట్రయల్స్‌ని, అంటే నాలుగున్నర వేలకి పైగా మనుషుల లెక్కల్ని, ఒకచోట పెట్టి చూసింది. జలుబు వచ్చాక వాడితే తగ్గే కాలం మారుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదు. రాకముందు వాడిన పరిశోధనలు విడివిడిగా దేన్నీ రుజువు చేయలేదు గానీ అన్నీ కలిపితే జలుబు వచ్చే అవకాశం పదీ ఇరవై శాతం మధ్య తగ్గినట్టు కనపడింది. బలహీనమైన లాభం ఉండొచ్చు, ఏ తయారీకి ఉందో చెప్పలేం అని వాళ్ళు తేల్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కార్డిఫ్‌లో వాడింది నాలుగు నెలలు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ పర్పురియా రసానికి రాసిన సూచన మాత్రం పది రోజులకి మించి వాడొద్దని. అంటే లాభం కాస్త కనపడిన పద్ధతి ఒకటి, అధికారికంగా ఒప్పుకున్న కాలం ఇంకొకటి. చలికాలమంతా రోజూ వేసుకోవడం వెనక ఉన్న ఆధారం చాలా సన్నం.

జాగ్రత్తపడాల్సినవాళ్ళు

అందరికంటే ముందు అలర్జీ ఉన్నవాళ్ళు. ఎకినేసియా చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబపు మొక్క. మన పొలం గట్ల మీదా ఖాళీ స్థలాల్లోనూ విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ తగిలితే చేతులమీదా మెడమీదా దురదతో దద్దుర్లు వచ్చేవాళ్ళు, దాని పుప్పొడికి తుమ్ములూ ఆయాసం వచ్చేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. అమెరికాలో అదే కుటుంబపు రాగ్‌వీడ్ మొక్క పడనివాళ్ళదీ ఇదే కథ. ఒక మొక్క పడని ఒంటికి దాని చుట్టం కూడా పడకపోవచ్చు. దద్దుర్లనుంచి ఊపిరి ఆడకపోయేంత తీవ్రమైన ప్రతిచర్య దాకా ఎకినేసియాతో నమోదయ్యాయి. ఆస్తమా, ఎగ్జిమా లాంటివి ఉన్నవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ. జలుబుకి వేసుకున్న గంటలోపు పెదవులు వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా అది జలుబు లక్షణం కాదు. మందు ఆపి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

పిల్లల విషయంలో 2003 నాటి అమెరికా పరిశోధన ఒకటి సరిపోతుంది. రెండునుంచి పదకొండేళ్ళ పిల్లలు 407 మందికి, జలుబు చేసినప్పుడల్లా పర్పురియా రసం గానీ ప్లాసిబో గానీ ఇచ్చారు. మొత్తం 707 జలుబుల్ని లెక్కించారు. ఎన్ని రోజులు ఉంది, ఎంత బాధపెట్టింది అన్నవాటిలో తేడా లేదు. తేడా కనపడింది దద్దుర్లలోనే. ఎకినేసియా ఇచ్చిన జలుబుల్లో వందకి ఏడింటిలో, ప్లాసిబో ఇచ్చినవాటిలో వందకి మూడు కంటే తక్కువ. లాభం లేకుండా దద్దుర్లు మాత్రం మిగిలాయి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఎకినేసియా ఇవ్వొద్దని 2012లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ చెప్పింది. నేనూ అదే అంటాను.

ఇక రోగనిరోధక వ్యవస్థ. డబ్బా మీద "ఇమ్యూనిటీ పెంచుతుంది" అని రాసి ఉంటే మనకి సంతోషంగా ఉంటుంది. కానీ కొందరికి ఆ వ్యవస్థ పెరగడమే రోగం. కీళ్ళవాతం, లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బుల్లో అది తన ఒంటి మీదే దాడి చేస్తుంటుంది, వీటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. మార్పిడి చేసిన కిడ్నీనో లివర్‌నో కాపాడుకోవాలంటే దాన్ని మందులతో అణచి ఉంచాలి. ఇలాంటివాళ్ళు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు, తెల్లరక్తకణాల జబ్బులున్నవాళ్ళు, టీబీ ఉన్నవాళ్ళు ఎకినేసియా వాడకూడదని యూరప్ సూచనలు చెబుతాయి. టీబీ అన్న మాట దగ్గర మనం ఆగాలి, అది మన దగ్గర అరుదైన జబ్బు కాదు. వారాల తరబడి తగ్గని దగ్గుకి ఎవరైనా ఈ చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే రెండు రకాల నష్టం: వాడకూడనిది వాడటం ఒకటి, అసలు చికిత్స ఆలస్యం కావడం ఇంకొకటి. ఎల్డర్‌బెర్రీకి ఇంత స్పష్టమైన నిషేధం లేదు. కానీ అది ల్యాబ్‌లో తెల్లరక్తకణాల చేత వాపుని పెంచే సంకేతాలు ఎక్కువగా విడుదల చేయించింది. మనుషుల్లో అలా జరిగిందని రుజువు లేకపోయినా, మార్పిడి అయినవాళ్ళకీ ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళకీ దాని జోలికి వెళ్ళకపోవడమే క్షేమం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. గుంటూరునుంచి కొడుకు దగ్గరికి డాలస్ వచ్చిన అరవై రెండేళ్ళ తల్లి. ఆమెకి కీళ్ళవాతం, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్. డిసెంబర్‌లో మనవడినుంచి జలుబు అంటుకుంది. కోడలు ప్రేమగా రెండు సీసాలు తెచ్చింది: ఎల్డర్‌బెర్రీ గమ్మీలు, ఎకినేసియా క్యాప్సూల్స్. "అత్తయ్యా, ఇవి మూలికలే, ఏం కాదు" అంది.

ఎకినేసియాతో మొదలుపెడదాం. ఆమెది ఆటోఇమ్యూన్ జబ్బు. మెథోట్రెక్సేట్ చేసే పని రోగనిరోధక వ్యవస్థని తగ్గించడం. దాన్ని రెచ్చగొట్టే గుణం ఉందని అమ్ముతున్న వస్తువుని దానితో కలపకూడదు. పైగా మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి లివర్ టెస్టులు క్రమం తప్పకుండా చేయించాల్సి ఉంటుంది. ఈ మధ్యలో కొత్త మూలిక ఒకటి చేరి, తర్వాతి టెస్టులో అంకెలు పెరిగితే కారణం ఏదో డాక్టరుకి తేలదు. కాబట్టి ఆ సీసా తెరవనక్కర్లేదు. గమ్మీల దగ్గరికి వస్తే, డబ్బా వెనక చక్కెర ఎంతుందో చూడాలి. "రోజుకి రెండు" అని రాసి ఉన్నా జలుబు ఎక్కువైతే నాలుగు, ఆరు తినేస్తారు. షుగర్ ఉన్న మనిషికి జలుబు జ్వరాల్లో అంకెలు ఎలాగూ పెరుగుతాయి, ఇది దానికి తోడు. వచ్చే లాభం చూస్తే, చాలా ఆశగా లెక్కేసినా ఒకటి రెండు రోజులు. నేనైతే ఆ ఇంట్లో రెండు సీసాలూ పక్కన పెట్టించి వేడి నీళ్ళు, ఉప్పునీటి పుక్కిలింత, విశ్రాంతి, జ్వరం ఉంటే పారాసిటమాల్ అంటాను. అమెరికాలో దాన్ని అసెటమినోఫెన్ అంటారు. జలుబు కోసం అమ్మే మిశ్రమ మందుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి మోతాదు దాటకుండా చూసుకోవాలి. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఫ్లూ టెస్ట్. ఎందుకో చివర్లో చెబుతాను.

వేరే మందులతో కలవడం గురించి కూడా ఒక మాట. లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల పనిని ఎకినేసియా కొంత మారుస్తుందని ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల్లో కనపడింది. కాఫీలోని కెఫీన్ ఒంట్లోంచి పోవడం దానివల్ల నెమ్మదిస్తుంది. కెఫీన్ విషయంలో అది పెద్ద సంగతి కాకపోవచ్చు. అవయవ మార్పిడి అయినవాళ్ళకి ఇచ్చే టాక్రోలిమస్ లాంటి, మోతాదు కొంచెం అటూఇటూ అయినా చిక్కొచ్చే మందులు వాడేవాళ్ళకి మాత్రం అది ప్రయోగం చేసే చోటు కాదు. గర్భిణుల్లో ఎకినేసియా హాని చేసిందని తేలలేదు, కానీ క్షేమమని చెప్పేంత పరిశోధనా లేదు. ఎల్డర్‌బెర్రీకి ఆ కొద్దిపాటి పరిశోధన కూడా లేదు. ఏడాది నిండని పిల్లలకి తేనె కలిపిన ఎల్డర్‌బెర్రీ సిరప్ అసలే పట్టొద్దు. తేనెతో పసిపిల్లలకి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇంట్లో సిరప్ కాచేవాళ్ళకి

ఎల్డర్‌బెర్రీ చెట్టు ఆకుల్లో, కొమ్మల్లో, పచ్చికాయల్లో, గింజల్లో ఒంట్లోకి వెళ్ళాక సైనైడ్‌ని విడుదల చేసే పదార్థాలుంటాయి. బాగా పండిన పండు గుజ్జులో తక్కువ, బాగా ఉడికిస్తే ఆ ప్రమాదం చాలావరకు పోతుంది. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో ఒక బృందం అడవిలో దొరికిన ఎల్డర్‌బెర్రీలని ఆకులూ కొమ్మలతో సహా పిండి, ఆపిల్ రసం, నీళ్ళు, చక్కెర కలిపి మరుసటి రోజు తాగింది. ఉడికించలేదు. పావుగంటలో 11 మందికి వాంతులు మొదలయ్యాయి. తల తిరగడం, నీరసం, తిమ్మిర్లు వచ్చాయి. ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించారు. అయిదు గ్లాసులు తాగిన మనిషి మత్తులోకి వెళ్ళిపోయాడు. అందరూ కోలుకున్నారు.

కాబట్టి పెరట్లో ఎల్డర్ చెట్టున్న అమెరికా తెలుగువాళ్ళు పండుని మాత్రమే కోయాలి. తొడిమలన్నీ తీసేయాలి, ఎర్రగా పచ్చగా ఉన్నవి ఏరేయాలి, బాగా మరిగించి వడకట్టాలి. మిక్సీలో వేసి పచ్చిగా స్మూదీ చేయకూడదు. ఎండు పండ్లు కొన్నా చల్లటి నీళ్ళలో నానబెట్టి తాగకుండా మరిగించాలి. కంపెనీలు అమ్మే సిరప్పుల్లో ఈ భయం తక్కువ. వాటి బాధ ఇంకొకటి. అమెరికాలో ఇవి 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు, అంటే అమ్మడానికి ముందు పనిచేస్తాయని ప్రభుత్వానికి రుజువు చేయనక్కర్లేదు. కొనాలనే అనుకుంటే మూడు చూడాలి: ఏ జాతి, ఏ భాగం, ఒక మోతాదులో ఎన్ని మిల్లీగ్రాముల సారం. ఈ మూడూ విడివిడిగా రాయకుండా పది మూలికల మిశ్రమం ఇంత అని ఒకే అంకె వేసిన డబ్బాకి, పైన చెప్పిన ఏ పరిశోధనతోనూ సంబంధం లేదు.

అలర్జీ లేని, మందులేవీ వాడని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు జలుబు మొదలైన రోజున నమ్మకమైన కంపెనీ ఎల్డర్‌బెర్రీ సిరప్ అయిదు రోజులు తాగినా, పర్పురియా చుక్కలు పది రోజుల లోపు వేసుకున్నా నేను వారించను. డబ్బు వాళ్ళది, నష్టం తక్కువ. కడుపులో తిప్పినట్టుంటే ఆపేస్తే సరిపోతుంది.

వారించేది ఒక్కచోట. ఒక్కసారిగా పెద్ద జ్వరం, ఒళ్ళు విరగ్గొట్టినట్టు నొప్పులు, లేవలేని నీరసం వస్తే అది జలుబు కాదు, ఫ్లూ అయ్యే అవకాశం ఎక్కువ. అరవై అయిదు దాటినవాళ్ళు, గర్భిణులు, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, అయిదేళ్ళలోపు పిల్లలు, రోగనిరోధకత తగ్గించే మందులు వాడేవాళ్ళు ఫ్లూతో ప్రమాదంలో పడతారు. ఓసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. "రెండు రోజులు సిరప్ తాగి చూద్దాం" అంటే ఆ 48 గంటలూ అయిపోతాయి. డాలస్‌లోని ఆ అత్తగారికి ముందు ఫ్లూ టెస్ట్ అన్నది ఇందుకే. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా, మనిషి తికమకగా మాట్లాడినా, జ్వరం తగ్గి మళ్ళీ తిరగబెట్టినా టెస్ట్ కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళాక ఇంట్లో ఏ మూలిక సీసా తెరిచారో, ఎప్పటినుంచి ఎంత తాగారో డాక్టరుకి చెప్పాలి. వీలైతే ఆ సీసానే పట్టుకెళ్ళి చూపించాలి.